టైరు రీకాల్: కారు నంబరుకు తెలియని సంగతి

అమెరికాలో కారున్నవాళ్లలో చాలామంది అప్పుడప్పుడూ చేసే పని ఒకటుంది. రహదారి భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటుకు వెళ్లి, కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరు పదిహేడు అక్షరాలూ కొట్టి, రీకాల్ ఏదైనా ఉందేమో చూస్తారు. పెండింగులో ఏమీ లేవని వస్తే ఊపిరి పీల్చుకుంటారు. ఆ జవాబు తప్పేమీ కాదు. కాకపోతే అది కారు గురించి చెప్పిన జవాబు. ఆ కారును మోస్తున్న టైర్ల గురించి అది చెప్పినదేమీ లేదు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున దానికి ఏ టైర్లున్నా, నాలుగైదేళ్లు తిరిగేసరికి అవి మారిపోతాయి. కొత్తవి ఏ కంపెనీవి, ఏ వారం తయారైనవి అన్నది విన్ నంబరుకు తెలిసే మార్గం లేదు. కారు కంపెనీయే తన వాహనానికి వచ్చిన టైర్ల మీద రీకాల్ ప్రకటిస్తే తప్ప టైరు రీకాల్ విన్ వెతుకులాటలో కనబడదు. టైరుకు దాని సొంత గుర్తింపు సంఖ్య ఉంది. అది టైరు పక్కభాగం మీద, సైడ్‌వాల్ అంటామే అక్కడ, రబ్బరులోనే అచ్చు పడి ఉంటుంది. దాన్ని చదవడం వస్తే సగం పని అయినట్టే.

చదవడానికి ముందు రీకాల్ అంటే ఏమిటో, ఏది కాదో చూద్దాం. టైరులో భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఉందని తేలినా, అది ప్రభుత్వ ప్రమాణాలకు తగినట్టు లేదని తేలినా తయారీ సంస్థ రీకాల్ చేయాలి. ఆ నిర్ణయానికి వచ్చిన అయిదు పనిదినాల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ తర్వాత అరవై రోజుల్లోగా యజమానులకు ఉత్తరాలు వెళ్లాలి. ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత ఈ రీకాల్‌తోనే వస్తుంది. కంపెనీలు వేరే కాగితాలు కూడా పంపుతుంటాయి. గాలి ఎంత ఉంచాలి, ఎంత బరువు మించకూడదు అని గుర్తుచేసే సూచనలు కొన్ని. అరుగుదల సరిగా లేదన్న ఫిర్యాదుల మీద స్వచ్ఛందంగా ఇచ్చే మార్పిడి అవకాశాలు మరికొన్ని. వాటికి చట్టబద్ధమైన గడువులూ హక్కులూ ఉండవు. చేతికి వచ్చిన కాగితం ఏ కోవదో తెలుసుకోవాలంటే రీకాల్ సంఖ్య ఉందేమో చూడండి. ప్రభుత్వం ఇచ్చే ఆ సంఖ్యలో సంవత్సరపు చివరి రెండంకెల తర్వాత టైర్లకైతే T అనే అక్షరం, వాహనాలకైతే V ఉంటుంది.

ఒకే పేరు, ఒకే సైజు, వేర్వేరు ఫ్యాక్టరీలు

టైరు రీకాల్ ఎంత సన్నని గీత మీద నడుస్తుందో చెప్పడానికి 2000 సంవత్సరపు ఫైర్‌స్టోన్ ఉదంతాన్ని మించినది లేదు. ఆ ఏడాది ఆగస్టు 9న కంపెనీ వెనక్కి పిలిచిన టైర్లలో అప్పటికి దాదాపు 65 లక్షలు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు ఉన్నవి. నడుస్తుండగానే పైపొర, దాని కిందున్న ఉక్కు తీగల పట్టీతో సహా, ఊడి వచ్చేస్తోందన్నది ఫిర్యాదు.

ఆ రీకాల్‌లో ఏటీఎక్స్, ఏటీఎక్స్ టూ రకాల టైర్లు, 235/75 ఆర్15 సైజువి, ఎక్కడ తయారైనా లెక్కలోకి వచ్చాయి. అదే సైజులో వైల్డర్‌నెస్ ఏటీ అన్న రకం మాత్రం ఇలినాయ్ రాష్ట్రంలోని డికేటర్ ఫ్యాక్టరీలో తయారైతేనే లెక్కలోకి వచ్చింది. పక్కపక్కనే ఆపిన రెండు ఎక్స్‌ప్లోరర్లకు ఒకే పేరు, ఒకే సైజు టైర్లు ఉండొచ్చు. ఒకదానివి మార్చాలి, రెండోదానివి అప్పటికి అక్కర్లేదు. తేడా చెప్పేది సంఖ్య మొదట్లో ఉండే ఫ్యాక్టరీ గుర్తు ఒక్కటే. డికేటర్‌కు అది VD. మరుసటి ఏడాది దర్యాప్తు ముగిసేసరికి వైల్డర్‌నెస్ ఏటీ టైర్లలో మరికొన్నిటినీ వెనక్కి పిలిచారు, అది వేరే కథ.

ఆ VD కోసం వెతికినవాళ్లకు ఎదురైన ఇబ్బంది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అప్పట్లో పూర్తి సంఖ్యను టైరుకు ఒక వైపు వేస్తే చాలు. ఆ వైపు తరచూ కారు లోపలికి తిరిగి ఉండేది. తమ టైరు ప్రమాదకరమైనదో కాదో తెలుసుకోవడానికి జనం కారు కిందికి దూరాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే వచ్చిన ట్రెడ్ చట్టం టైరు మీది గుర్తులను యజమాని సులువుగా చదవగలిగేలా మార్చమంది. ఇప్పుడు బయటికి ఉండాల్సిన వైపు ఏదో నిర్ణయమై ఉన్న టైరైతే పూర్తి సంఖ్య ఆ వైపే ఉండాలి. రెండో వైపు తేదీ లేని సగం సంఖ్య ఉంటే సరిపోతుంది. ఎటు తిప్పి బిగించినా ఫర్వాలేని టైర్లలో మాత్రం పూర్తి సంఖ్య ఏ వైపైనా ఉండొచ్చు. అంటే కారు కిందికి తొంగిచూసే అవసరం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

సంఖ్యను చదవడం

DOT అన్న మూడక్షరాలతో మొదలయ్యే వరుస కోసం చూడండి. ఉదాహరణకు నేను కల్పించిన సంఖ్య ఒకటి:

```
DOT K7UR 4A1 5018
```

మొదటి రెండు గుర్తులు, K7, ఫ్యాక్టరీ. తర్వాతి UR సైజుకు కంపెనీ పెట్టుకున్న గుర్తు. 4A1 కంపెనీ సొంత లెక్క. చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 5018 అంటే 2018లో యాభయ్యో వారం. నాలుగంకెల తేదీ కనబడక, సంఖ్య 4A1 దగ్గరే ఆగిపోయిందంటే మీరు చూస్తున్నది సగం సంఖ్య. అసలుది అవతలి వైపు ఉంది.

ఫ్యాక్టరీ గుర్తు విషయంలో ఒక మార్పు తెలిసి ఉండాలి. రెండక్షరాల గుర్తులు నిండుకోవడంతో 2015లో ప్రభుత్వం మూడక్షరాల పద్ధతి తెచ్చి, కంపెనీలకు 2025 ఏప్రిల్ వరకు గడువిచ్చింది. పాత ఫ్యాక్టరీలు తమ గుర్తు ముందు 1 చేర్చుకుంటాయి. మన K7 కొత్త టైర్ల మీద 1K7 అవుతుంది. కొత్త పద్ధతిలో మొత్తం సంఖ్య పదమూడు గుర్తులు.

అరిగి, బురద పట్టిన టైరు మీద గుండ్రటి గుర్తు కనబడితే అది సున్నానా, ఓ అక్షరమా అన్న అనుమానం అందరికీ వస్తుంది. అది సున్నాయే. ఇలాంటి తికమక రాకూడదనే ఈ సంఖ్యల్లో జి, ఐ, ఓ, క్యూ, ఎస్, జెడ్ అక్షరాలను అసలు వాడరు. నిలువు గీత ఒకటే అంకె, ఐ కాదు. ఎస్ లాగా కనబడేది అయిదు, జెడ్ లాగా కనబడేది రెండు. తడిగుడ్డతో తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అచ్చు నీడ పడి తేలికగా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక కారును పూర్తిగా చూద్దాం. K7 ఫ్యాక్టరీలో, ఒక ఫలానా రకంలో, 4718 నుంచి 0519 వరకు తయారైన టైర్లకు రీకాల్ వచ్చిందనుకుందాం. అంటే 2018 నవంబరు చివరి రోజుల నుంచి 2019 ఫిబ్రవరి తొలి రోజుల దాకా. యజమాని ముందు ఎడమ టైరు చూశాడు. K7, 4618. ఒక్క వారం ముందుది, రీకాల్‌లో లేదు. ముందు కుడిది K7, 5018. ఇది ఉంది. వెనక కుడిది 5118, తేదీ సరిపోయింది గానీ ఫ్యాక్టరీ K9. లేదు. వెనక ఎడమదానికి బయట సగం సంఖ్యే ఉంది. చదునైన నేల మీద కారు ఆపి, ఫోను చేత్తో చక్రం వెనక్కి పెట్టి వీడియో తీశాడు. K7, 0319.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 0319 చిన్న అంకె, 4718 పెద్ద అంకె, కాబట్టి ఇది రీకాల్‌కు ముందుదని అనిపిస్తుంది. వారం ముందు, సంవత్సరం వెనక రాయడం వల్ల వచ్చిన తంటా ఇది. ముందు చివరి రెండంకెలు పోల్చాలి, ఆ తర్వాతే మొదటి రెండు. 0319 అంటే 2019 మూడో వారం. 2018 నలభై ఏడో వారానికి తర్వాతిది, 2019 అయిదో వారానికి ముందుది. నిక్షేపంగా రీకాల్‌లో ఉంది. చివరికి డిక్కీలోని స్పేర్ టైరు తీస్తే K7, 0619. ఒక్క వారంలో తప్పించుకుంది.

ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న నాలుగు టైర్లు ఒకే వారానివై ఉంటాయన్న నమ్మకం లేదు. గోడౌన్‌లో చేతికి అందినవి బిగిస్తారు. అందుకే ఒక్క టైరు చూసి మిగతావాటి మీద తీర్పు చెప్పకూడదు, స్పేర్‌తో సహా అయిదూ చూడాలి. లోపలి వైపు చూడటం కోసం జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం వెళ్లొద్దు. ముందు చక్రాలకు స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చాలు, వెనకవాటికి ఫోను కెమెరా చాలు.

సంఖ్యలు రాసుకున్నాక వెతికే చోట్లు రెండు. nhtsa.gov/recalls లో వాహనానికి కాకుండా టైర్లకు ఉన్న విభాగం తెరిచి, కంపెనీ పేరు, టైరు రకం ఇస్తే ఆ రకం మీద వచ్చిన రీకాల్‌లు కనబడతాయి. వాటిలోని ఫ్యాక్టరీ గుర్తులూ తేదీలూ మన సంఖ్యతో పోల్చుకోవాల్సింది మనమే. అమెరికా టైరు తయారీదారుల సంఘం వెబ్‌సైటులో పూర్తి సంఖ్యను నేరుగా కొట్టి వెతకొచ్చు. దాన్ని మొదటి జల్లెడగా వాడుకుని, ఫలితం ఎలా వచ్చినా టైరు కంపెనీ వినియోగదారుల విభాగానికి ఫోను చేసి సంఖ్య చదివి వినిపించడం నా దృష్టిలో ఉత్తమం. రీకాల్ పరిధిని నిర్ణయించింది వాళ్లే.

కౌంటరు దగ్గర తెగిపోయే గొలుసు

ఇంతా మనమే ఎందుకు చేసుకోవాలి, ఉత్తరం వస్తుంది కదా అనొచ్చు. వస్తుంది, మన పేరు కంపెనీ దగ్గర ఉంటే. కారు కంపెనీకి రిజిస్ట్రేషన్ రికార్డుల ద్వారా యజమాని చిరునామా దొరుకుతుంది. టైరు కంపెనీకి ఆ సౌకర్యం లేదు. టైరు ఎవరు కొన్నారో దానికి తెలిసేది అమ్మిన దుకాణం ద్వారానే.

చట్టం డీలర్ల మీద పెట్టిన మొదటి బాధ్యత ఇదే, దుకాణాన్ని బట్టి అది మారుతుంది. తయారీ సంస్థ సొంత దుకాణమో, దాని అదుపులో ఉన్నదో అయితే కొన్నవాళ్ల పేరు, చిరునామా, టైర్ల సంఖ్యలు తానే నమోదు చేసి ముప్ఫై రోజుల్లో పంపాలి. స్వతంత్ర డీలరుకు కొంత వెసులుబాటు ఉంది. టైర్ల సంఖ్యలూ తన దుకాణం వివరాలూ నింపిన ఫారం చేతికిచ్చి, మిగతాది నింపి పంపుకోండని కొనుగోలుదారుకే వదిలేయవచ్చు. లేదా తానే నింపి, రుసుము తీసుకోకుండా, తపాలాలోనో ఆన్‌లైన్‌లోనో పంపవచ్చు. అమ్మేది కొత్త టైరైతే ఈ మూడింటిలో ఏదో ఒకటి చేసి తీరాలి.

ఆచరణలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. శనివారం మధ్యాహ్నం, వెనక నలుగురు వేచి ఉన్నారు. బిల్లు, వారంటీ కాగితం, అలైన్‌మెంటు రిపోర్టు, వాటి మధ్య ఒక పోస్టుకార్డు సైజు అట్ట. అది కారు డ్యాష్‌బోర్డు అరలోకి చేరి అక్కడే స్థిరపడుతుంది. కొనుగోలుదారుకు వదిలేసే పద్ధతి పెట్టినప్పుడే చాలా అట్టలు గమ్యం చేరవని తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది. డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నమోదు మీరు చేస్తున్నారా, నేను చేసుకోవాలా?" మనమే చేసుకోవాలంటే, కంపెనీ వెబ్‌సైటులో సంఖ్యలు కొట్టడానికి పట్టేది అయిదు నిమిషాలు. వాడిన కారు కొన్నవాళ్లకు ఈ ప్రశ్న అడిగే అవకాశం కూడా లేదు. ఉత్తరం పాత యజమాని ఇంటికి పోతుంది.

రీకాల్ వచ్చాక డీలరు ఏం చేయాలి? ముందుగా తన గోడౌన్. రీకాల్ సంగతి తెలిశాక ఆ టైర్లను సరిచేయకుండా అమ్మకూడదు. ఇది కొత్త టైర్ల దుకాణాలకే పరిమితం కాదు. లోపం సరిదిద్దని రీకాల్ టైరును వాహనానికి వాడుకోవడం కోసం ఎవరూ అమ్మకూడదన్నది చట్టం, సెకండ్‌హ్యాండ్ టైర్ల వ్యాపారికీ ఇది వర్తిస్తుంది. తెలిసి కూడా అమ్మినవాళ్లు అయిదు పనిదినాల్లో ఆ సంగతి ఎన్‌హెచ్‌టీఎస్ఏకు తామే తెలియజేయాలన్న నియమం కూడా ఉంది. తప్పు చేసినవాడే వచ్చి చెప్పాలనడం విడ్డూరమే గానీ, చెప్పకపోతే అది రెండో తప్పవుతుంది.

తర్వాత మార్పిడి. ఉచితంగా మార్చాల్సిన బాధ్యత చట్టం ప్రకారం తయారీ సంస్థది. అది తన డీలర్ల ద్వారా పని చేయించి, వాళ్లకు డబ్బు చెల్లిస్తుంది. కాబట్టి మనకు టైర్లు అమ్మిన దుకాణమే మార్చాలని ఏమీ లేదు. ఉత్తరంలో ఏ దుకాణాలకు వెళ్లమన్నారో అక్కడికి వెళ్లాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరిగే అవకాశముంది. టైరు సగం అరిగింది కాబట్టి సగం ధర మీరు కట్టాలని కౌంటరులో ఎవరైనా అంటే, వాళ్లు వారంటీ లెక్క వేస్తున్నారని అర్థం. అరుగుదలను బట్టి ధర తగ్గించడం వారంటీ పద్ధతి. రీకాల్‌లో సరిచేయడం ఉచితం.

మన ఉదాహరణలోని కారుకు మారాల్సినవి రెండు, ముందు కుడిది, వెనక ఎడమది. ఉన్నచోటనే మారిస్తే ఒక్కో ఇరుసుకు ఒక కొత్తది, ఒక అరిగినది వస్తాయి. పట్టులో తేడా వస్తుంది. కొత్తవి రెండూ ఒకే ఇరుసుకు, మామూలుగా వెనక ఇరుసుకు, బిగించి పాతవి ముందుకు మార్చమని అడగాలి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కార్లలో టైర్ల అరుగుదల తేడా ఎంత ఉండొచ్చో కారు కంపెనీ పరిమితి పెట్టి ఉంటుంది, అది కూడా చూసుకోవాలి.

ఊడదీసిన టైర్ల సంగతి మనకెందుకు అనుకోకూడదు. వాటిని ఎవరో ఎత్తుకెళ్లి మళ్లీ అమ్మకుండా తయారీ సంస్థ ముందుగానే ప్రభుత్వానికి ప్రణాళిక ఇవ్వాలి, తన అధీకృత దుకాణాలకు ఆదేశాలు పంపాలి. మళ్లీ బిగించడానికి వీల్లేకుండా వాటిని పాడుచేయాలి, వీలైనంత వరకు చెత్తదిబ్బలకు కాకుండా పునర్వినియోగానికి పంపాలి. ఆ పని మీ కళ్ల ముందే చేయమని అడగడంలో మొహమాటమేమీ అక్కర్లేదు.

రెండు గడువులు

మొదటిది 180 రోజులు. ఉత్తరం అందిన రోజు నుంచి ఇన్ని రోజుల్లోగా టైరును చూపిస్తే ఉచితంగా సరిచేసి తీరాలి. 2015కు ముందు ఇది అరవై రోజులే. మార్చి 10న ఉత్తరం వస్తే సెప్టెంబరు 6 చివరి రోజు. మార్చడానికి కొత్త టైర్లు ఇంకా సిద్ధంగా లేవని మొదటి ఉత్తరంలో ఉండి, సిద్ధమయ్యాయని జూన్ 1న రెండోది వస్తే లెక్క అప్పుడు మొదలవుతుంది. నవంబరు 28 దాకా సమయం ఉంటుంది. అందుకే ఉత్తరం వచ్చిన తేదీని కవరు మీదే రాసిపెట్టుకోవాలి. డీలరు దగ్గర ఆ సైజు స్టాకు లేదంటే, మీరు టైరు చూపించిన తేదీని కాగితం మీద రాయించుకోండి.

రెండోది అయిదేళ్లు. మొదటి యజమాని టైరు కొన్నప్పటి నుంచి రీకాల్ నోటీసు వెలువడే నాటికి అయిదేళ్లు దాటితే ఉచితంగా మార్చాల్సిన బాధ్యత ఉండదు. ఇక్కడ లెక్క కొన్న తేదీకి. టైరు మీది తేదీకి కాదు. మన 5018 టైరును 2020 మార్చిలో కొని, నోటీసు 2025 ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి. తయారై ఆరేళ్లు దాటింది, కొని మాత్రం అయిదేళ్లు నిండలేదు. ఉచితమే. కానీ ఆ సంగతి చెప్పగలిగేది బిల్లు ఒక్కటే. అది లేకపోతే కౌంటరులోని మనిషి టైరు మీది 18 చూసి తల అడ్డంగా ఊపుతాడు. అయిదేళ్లు దాటిన లోపపు టైరు దాటనిదానికంటే సురక్షితమేమీ కాదు, చట్టం గీసిన గీత కంపెనీ జేబుకు సంబంధించినది. అలాంటి టైరు మీ కారుకు ఉంటే సొంత డబ్బుతోనైనా మార్చాల్సిందే.

నోటీసు రాకముందే అనుమానంతో సొంత ఖర్చుతో మార్చుకున్నవాళ్లకు ఆ డబ్బు తిరిగి వచ్చే దారి కూడా ఉంది. కంపెనీ రీకాల్‌తో పాటు దీనికి ప్రణాళిక ఇస్తుంది. ఏ తేదీల మధ్య మార్చి ఉండాలి, ఏ కాగితాలు చూపాలి అన్నది అందులో ఉంటుంది. బిల్లు, దాని మీద పాత టైరు సంఖ్య ఉంటే వాదన అక్కర్లేదు.

డీలరు మార్చనంటే ముందు టైరు కంపెనీకే ఫోను చేయాలి, బాధ్యత దానిదే కాబట్టి. అక్కడా తేలకపోతే ఎన్‌హెచ్‌టీఎస్ఏకు ఫిర్యాదు. ఈలోగా టైరు సైడ్‌వాల్ ఉబ్బినా, పైపొర ఒకచోట గుండ్రంగా లేచినట్టు కనబడినా, ఒక్కసారిగా కారు దడదడమని అదరడం మొదలైనా ఆ టైరు మీద దుకాణం దాకా కూడా నడపొద్దు. ఏ గుర్తూ లేకుండా ఊడిపోయే టైర్లూ ఉంటాయి, అందుకే రీకాల్‌లో ఉన్నదని తేలిన టైరును ఏ గుర్తూ లేదన్న ధీమాతో హైవే ఎక్కించకూడదు.

మార్చి ఇచ్చిన కొత్త టైర్లకు కొత్త సంఖ్యలుంటాయి. వాటికి పాత నమోదు పనికిరాదు. మళ్లీ అదే కౌంటరు, మళ్లీ అదే అట్ట. ఈసారి దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టకండి.